లేహ్‌లో మీ రెండు గంటలు ఎంతవుతాయి?

పిల్లలూ,

సెప్టెంబరులో జరిగే లద్దాఖ్ మారథాన్‌లో హాఫ్‌కి, అంటే 21.1 కిలోమీటర్ల పరుగుకి, పేర్లు ఇచ్చారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "రెండు గంటల్లో కొట్టేస్తాం పెదనాన్నా" అని వెనక నుంచి మీ అరుపులూ వినపడ్డాయి. విశాఖ బీచ్ రోడ్డు మీద మీరు రెండు గంటల్లో పూర్తి చేసిన మాట నిజమే. అంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. అదే పేస్‌తో లేహ్‌లో బయల్దేరితే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ ఒకసారి అదే పని చేశాను. ఆ కథ తరవాత చెబుతాను.

లేహ్ ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలిలో ఆక్సిజన్ తక్కువ అని అందరూ అంటారు గానీ ఆ మాట పూర్తిగా సరి కాదు. ఆక్సిజన్ పాలు ఇక్కడా అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. సముద్రమట్టం దగ్గర ఉండే పీడనంలో మూడింట రెండు వంతులే అక్కడ ఉంటుంది. అందుకే ఒక్కో ఊపిరితో లోపలికి వెళ్లే ఆక్సిజన్ తగ్గుతుంది, ఊపిరితిత్తుల నుంచి దాన్ని రక్తంలోకి తోసే ఒత్తిడీ తగ్గుతుంది. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వైజాగ్‌లో నా వేలికి 98 చూపించేది. లేహ్‌లో దిగిన రోజు సాయంత్రం మంచం మీద కూర్చుని పెట్టుకుంటే 86 చూపించింది. మెట్లెక్కి వస్తే ఇంకా తగ్గింది.

మరి ఎంత నెమ్మదిస్తాం? దీనికి నాకు నచ్చిన లెక్క 1968 మెక్సికో ఒలింపిక్స్. ఆ నగరం ఎత్తు దాదాపు 2,240 మీటర్లు, అంటే ఇంచుమించు మన ఊటీ ఎత్తు. అప్పటికి 10,000 మీటర్ల ప్రపంచ రికార్డు ఆస్ట్రేలియా పరుగువీరుడు రాన్ క్లార్క్‌ది, 27 నిమిషాల 39.4 సెకన్లు. మెక్సికోలో గెలిచిన కెన్యా వీరుడు నఫ్తాలీ టెము తీసుకున్న సమయం 29 నిమిషాల 27.4 సెకన్లు. అంటే ఒలింపిక్ విజేత సమయమే రికార్డు కన్నా ఆరున్నర శాతం ఎక్కువ. టెము పుట్టి పెరిగిందే ఎత్తైన నేల మీద! క్లార్క్ ఆరో స్థానంలో గీత దాటి కుప్పకూలాడు, ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. తమాషా ఏమిటంటే అవే ఆటల్లో 100 మీటర్లు, 400 మీటర్లు, లాంగ్ జంప్‌లలో ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. పొట్టి పరుగుకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ కోసం ఆగదు. పైగా పల్చటి గాలి ముందు నుంచి తక్కువగా అడ్డుకుంటుంది.

ఎత్తు పెరిగేకొద్దీ నష్టం ఇంకా జోరందుకుంటుంది. హైదరాబాద్ ఎత్తుకు మీలాంటి వాళ్లు లెక్క వేయక్కర్లేదు. అరకులో నెమ్మదించేది కూడా ఎక్కువగా ఘాట్ ఎక్కుళ్ల వల్లే. 1,500 మీటర్లు దాటాక మాత్రం ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు పది శాతం పడిపోతుందని ఒక మోటు లెక్క. శిక్షణ బాగా ఉన్నవాళ్లకు ఈ కోత ఇంకాస్త ముందే మొదలై, ఎక్కువగా పడుతుంది. లేహ్‌లో కొత్తగా దిగినవాళ్లకు మొత్తం 20 శాతం అటూ ఇటూ పోతుందనుకోండి. వారం పది రోజులుంటే కొంత తిరిగి వస్తుంది. ఊపిరి లోతుగా, వేగంగా ఆడటం కొద్దిరోజుల్లోనే అలవాటవుతుంది. కొత్త ఎర్ర రక్తకణాలు తయారవడానికి మాత్రం వారాలు పడుతుంది, కాబట్టి ఆ లాభం మీ పది రోజుల సెలవులో దొరకదు.

ఇప్పుడు మీ రెండు గంటలకు వద్దాం. 20 శాతం కలిపితే కిలోమీటరుకు 6:49, మొత్తం 2 గంటల 24 నిమిషాలు. 25 శాతం కలిపితే 7:07, మొత్తం రెండున్నర గంటలు. మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి నేనైతే రెండున్నర గంటలే అనుకుని బయల్దేరమంటాను. ఇది చదువుతూ మీరు మూతి ముడుచుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

నా శాతాన్ని మీరు నమ్మక్కర్లేదు, మీది మీరే కనుక్కోవచ్చు. బయల్దేరే ముందు వైజాగ్‌లో ఒక ఉదయం ఐదు కిలోమీటర్లు సమతలంగా ఉన్న చోట, పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంతో పరిగెత్తండి. ఉదాహరణకు కిలోమీటరుకు 6:30 వచ్చిందనుకుందాం. లేహ్‌లో ఏడో రోజున, వీలైనంత సమతలమైన రోడ్డు మీద, అలాగే మాట్లాడగలిగే వేగంతో మళ్లీ ఐదు కిలోమీటర్లు. 7:50 వచ్చిందా? 390 సెకన్లు 470 అయ్యాయి, అంటే 20 శాతం పైచిలుకు. దాన్ని మీ 5:41కి కలిపితే 6:51. అయితే తేలిక పరుగులో తేలిన నష్టం పోటీ జోరులో ఇంకాస్త పెరుగుతుంది. అందుకే మొదటి ఐదు కిలోమీటర్లు 7:10 కన్నా వేగంగా వెళ్లకండి. వాచీలో గుండె వేగం చూసి కంగారు పడొద్దు. అదే వేగానికి అక్కడ గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఇంటి దగ్గరి అంకెలు అక్కడ చెల్లవు, ఊపిరిని నమ్ముకోండి.

ఇక నా కథ. నేను ఆరు నిమిషాల పేస్‌తో బయల్దేరాను. మొదట్లో రోడ్డు పల్లం, చల్లటి ఉదయం, కాళ్లు హాయిగా ఉన్నాయి. మూడు కిలోమీటర్ల దాకా "ఈ ఎత్తు గొడవంతా ఉత్త హడావుడి" అనుకున్నాను. మోసం అక్కడే ఉంది. మొదట్లో ఒంట్లో ఉన్న నిల్వ శక్తి లోటును కప్పిపుచ్చుతుంది, ఊపిరికి బాకీ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. ఏడో కిలోమీటరులో మాట ఆగిపోయింది, తొమ్మిదిలో నడక మొదలైంది. వైజాగ్‌లో అయితే రెండు నిమిషాలు నెమ్మదిస్తే తేరుకునేవాణ్ణి. అక్కడ నెమ్మదించినా ఆ బాకీ తీరడానికి చాలాసేపు పట్టింది. సింధు నది పక్కనున్న చోగ్లమ్‌సర్ కన్నా లేహ్ ఊరు ఎత్తు, కాబట్టి తిరుగు ప్రయాణం అంతా ఎక్కుడే. ఆ ఎక్కుడు సగం నడిచాను. మూడు గంటలు దాటింది.

కనీసం పది రోజుల ముందు చేరండి. విమానం దిగాక మొదటి రెండు రోజులు పరుగు మాట ఎత్తకుండా గదిలో పడి ఉండండి. కాస్త తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర సరిగా పట్టకపోవడం చాలామందికి ఉంటాయి. అవి తగ్గేదాకా పరుగు వద్దు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తడి దగ్గు మొదలైనా, నడక తూలినా, మాట తికమకగా ఉన్నా అది పేస్ సమస్య కాదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. పందెం పోతే పోనీ, కిందికి దిగి రండి.

ఆ ఆక్సీమీటర్ ఇప్పుడు మీ నాన్న బీరువాలో ఉంది. అడిగి తీసుకెళ్లండి. బ్యాటరీలు మాత్రం కొత్తవి వేసుకోండి.

మీ పెదనాన్న