అమ్మాయి తల్లిదండ్రులకు తమిళంలో ఉత్తరం: అపోహలు - వాస్తవాలు

మాది చిత్తూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చెన్నైలో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు తమిళం నేర్పడం, ఉత్తరాలు అనువదించడం నా పని. తమిళ అమ్మాయిని ప్రేమించి, వాళ్ల అమ్మానాన్నలకు వాళ్ల భాషలోనే ఉత్తరం రాయాలని వచ్చే అబ్బాయిలకు ఈ మధ్య ఎక్కువగా సాయం చేస్తున్నాను. అందరూ దాదాపు ఒకే తప్పుడు నమ్మకాలతో వస్తారు. తెనాలి నుంచి వచ్చి చెన్నైలో ఆరేళ్లుగా ఉంటున్న ఒక అబ్బాయి ఉత్తరాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. అమ్మాయిది కుంభకోణం. వాళ్ల నాన్నగారు రిటైరైన స్కూల్ మాస్టారు. పేర్లు చెప్పను.

అపోహ: తమిళం మాట్లాడటం వస్తే చాలు, ఉత్తరం రాసేయొచ్చు.

తెలుగులో మనం మాట్లాడేదానికీ రాసేదానికీ పెద్ద దూరం లేదు. అందుకే తమిళంలో ఆ దూరం ఎంత ఉందో మనవాళ్లు ఊహించరు. తమిళంలో "వచ్చేశాను" అనడానికి నోటితో "వందుట్టేన్" అంటారు, ఉత్తరంలో "వందువిట్టేన్" అని రాయాలి. తెనాలి అబ్బాయి మొదటి ప్రతి మొత్తం చెన్నై మాటల్లోనే ఉంది. స్నేహితుడికి పంపే వాట్సాప్ మెసేజ్‌లా కనిపించింది. అదే మాటలు ఎదురుగా కూర్చుని చెబితే ఎంతో బాగుంటాయి. కాగితం మీద మాత్రం మర్యాద తక్కువైనట్టు అనిపిస్తాయి, అందులోనూ చదివేది మాస్టారు.

అలాగని రెండో చివరకి వెళ్లడమూ మంచిది కాదు. కొందరు ఎవరిచేతనో కవిత్వం లాంటి తమిళం రాయించుకుని తెస్తారు. ఉత్తరం అందిన రెండో రోజు అమ్మాయి నాన్నగారు ఫోన్ చేస్తే, అంత గొప్పగా రాసినవాడు "సాప్పిట్టీంగళా", అంటే "భోంచేశారా" అన్న మాట దగ్గరే తడబడతాడు. నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఉత్తరంలోని ప్రతి వాక్యాన్నీ అబ్బాయి పైకి చదవాలి, ప్రతి మాటకూ అర్థం చెప్పాలి. చెప్పలేని మాటను తీసేస్తాను.

అపోహ: రెండు భాషల్లోనూ సంస్కృత పదాలు ఒకటే, వాటితో ధైర్యంగా రాయొచ్చు.

ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. మాట తెలిసినట్టే ఉంటుంది కాబట్టి నిఘంటువు చూడాలని తోచదు.

మన అబ్బాయి "మీ ఆశీర్వాదం మాకు చాలా అవసరం" అనుకుని, తమిళంలోనూ "అవసరం" అనే రాశాడు. తమిళంలో అవసరం అంటే తొందర. అంటే పెద్దవాళ్లకు "మీ ఆశీర్వాదం అర్జెంటు" అని చెప్పినట్టు. పెళ్లి విషయంలో తొందర అన్న మాట చదివితే ఏ తల్లయినా ఇంకేదో ఊహించుకుంటుంది. మన "అవసరం"కి తమిళంలో "అవసియం" అనాలి. ఇంకోచోట "మిమ్మల్ని కలవాలని ఆత్రంగా ఉంది" అన్నాడు. తమిళంలో "ఆత్తిరం" అంటే కోపం.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది "ప్రేమ". తెలుగులో అమ్మ మీదా ప్రేమే, ప్రియురాలి మీదా ప్రేమే. తమిళం ఈ రెంటినీ వేరు చేస్తుంది. ఆమె మీద ఉన్నది "కాదల్", ఆమె తల్లిదండ్రుల మీద ఉన్నది "అన్బు". "మీ అందరి మీదా నాకు ప్రేమ ఉంది" అన్న వాక్యంలో అతను "కాదల్" అని రాశాడు. ఆ ఒక్క మాట కోసం కాగితం మొత్తం తిరగరాయించాను.

అపోహ: "మామా, అత్తా" అని మొదలుపెడితే ఆప్యాయంగా ఉంటుంది.

ఇంకా ఒప్పుకోని సంబంధాన్ని మనమే ప్రకటించినట్టు అవుతుంది. వాళ్లు అలా పిలవమన్నాక పిలవాలి. ఉత్తరంలో తండ్రి పేరుకు ముందు "తిరు", తల్లి పేరుకు ముందు "తిరుమది", పేరు తర్వాత "అవర్గళ్" పెట్టాలి. మన "గారు" చేసే పనిని తమిళంలో "అవర్గళ్" చేస్తుంది. తల్లి పేరు కూడా తప్పకుండా ఉండాలి. తండ్రికి మాత్రమే రాసిన ఉత్తరాలు నేను చాలా చూశాను. తల్లి మనసు నొచ్చుకుంటే ఆ ఇంట్లో మన తరఫున మాట్లాడేవాళ్లు ఉండరు.

అమ్మాయి గురించి రాసేటప్పుడు "అవళ్" అనకూడదు. అది చనువున్నవాళ్లు అనే మాట. కన్నవాళ్లు అంటే బాగుంటుంది, మనం అంటే అప్పుడే సొంతం చేసుకున్నట్టు ఉంటుంది. "ఉంగళ్ మగళ్", అంటే "మీ అమ్మాయి" అనడమే మంచిది.

అపోహ: అనుమతి అన్నా, ఆశీర్వాదం అన్నా ఒకటే.

ఉత్తరం రాయకముందు నేను అబ్బాయిని ఒకే ప్రశ్న అడుగుతాను: వాళ్లు వద్దంటే ఏం చేస్తారు? చట్టప్రకారం అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండితే తల్లిదండ్రుల సమ్మతి అక్కర్లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, 30 రోజులు ఆగి, ముగ్గురు సాక్షులతో రిజిస్టర్ చేసుకోవచ్చు. ఆ దారి ముందే నిర్ణయించుకున్నవాళ్లు "అనుమతి" అని రాస్తే అది అబద్ధం. కాదన్న తర్వాత ఎలాగూ పెళ్లి చేసుకుంటే, ఆ తల్లిదండ్రులు ఉత్తరాన్ని మోసంగానే గుర్తుపెట్టుకుంటారు. అలాంటివాళ్లు "ఆసి", అంటే ఆశీస్సు మాత్రమే అడగాలి. వాళ్లు ఒప్పుకునేదాకా ఆగేవాళ్లయితే "సమ్మదం" అని కూడా రాయొచ్చు. "అనుమది" అన్న మాట ఆఫీసు దరఖాస్తులా ఉంటుంది కాబట్టి దాన్ని ఎలాగూ వాడను.

మన అబ్బాయి, అమ్మాయి రెండు రోజులు మాట్లాడుకుని, ఆగుతామని చెప్పారు. అప్పుడు అసలు వాక్యాలు ఇలా కుదిరాయి: "ఉంగళ్ మగళై తిరుమణం సెయ్దుకొళ్ళ విరుంబుగిరేన్. అదర్కు ఉంగళ్ సమ్మదత్తైయుం ఆసియైయుం వేండుగిరేన్." మీ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను, అందుకు మీ సమ్మతినీ ఆశీస్సునీ కోరుతున్నాను అని. వీటికి ముందు తను ఎవరు, ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరున్నారు అనేవి నాలుగు వాక్యాల్లో చెప్పాడు. జీతం అంకె రాయనివ్వలేదు, అడిగినప్పుడు చెబితే సరిపోతుంది. మొత్తం ఒక పేజీ, అతని చేతిరాతే. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి, ఉండనిచ్చాను.

అపోహ: ఉత్తరంతో అడగడం పూర్తయినట్టే.

తమిళ ఇళ్లలో "పెణ్ కేట్టు వరువదు" అన్న మాట ఉంది. అబ్బాయి తరఫు పెద్దలు వెళ్లి పిల్లను అడగడం అన్నమాట. ఉత్తరం దాని స్థానాన్ని తీసుకోలేదు. అందుకే చివరి వాక్యం ఎప్పుడూ "మా ఇంటి పెద్దవాళ్లు ఎప్పుడు రావచ్చో చెప్పండి" అని ఉండాలి, తేదీ మనం పెట్టకూడదు.

తెనాలిలో వాళ్ల అమ్మగారు ఆషాఢం పోయింది కదా అని శ్రావణంలో మొదటి శుక్రవారం వెళ్దామన్నారు. మనది చాంద్రమానం, తమిళులది సౌరమానం. 2025లో మన శ్రావణం జులై 25న మొదలైంది, వాళ్ల ఆడి మాసం మాత్రం ఆగస్టు 16 దాకా ఉంది. ఆడిలో చాలా తమిళ కుటుంబాలు పెళ్లి మాటలు ఎత్తవు. మనకు మంచి రోజు అనిపించింది వాళ్లకు పనికిరాని రోజు. ఆ తేదీ ఉత్తరంలోకి వెళ్లకముందే తీసేయించాను. మాస్టారు తర్వాత ఫోన్ చేసి, ఆడి తర్వాత వచ్చే ఆవణి మాసంలో ఒక ఆదివారం రమ్మన్నారు. తమలపాకులు, వక్కలు, పూలు, పళ్లు పట్టుకుని అబ్బాయి ఇంటి పెద్దలు కుంభకోణం వెళ్లారు.