సంగటి తిన్నాక టీ: పేగులో ఇనుముకు ఏమవుతుంది?

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు ముందుగా బట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఆ తర్వాత ఇనుప ముక్కలు, బెల్లం వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లలో వెదురు కలం ముంచి గీతలు గీస్తారు. ఆ నీళ్లలో నల్లరంగు అంటూ విడిగా ఏదీ కలపరు. బట్టకు పట్టిన కరక్కాయలో టానిన్లు ఉంటాయి. వాటికి ఇనుము తగిలితే చాలు, నలుపు అక్కడికక్కడే పుడుతుంది. అలా పుట్టిన పదార్థం నీళ్లలో కరగదు కాబట్టి బట్టను ఎన్నిసార్లు ఉతికినా గీత చెరగదు.

మధ్యాహ్నం రాగిసంగటి, ఆకుకూర పప్పు తిని, చెయ్యి కడుక్కున్న వెంటనే టీ తాగేవాళ్లు తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఎంతోమంది. వాళ్ల పొట్టలో జరిగేది కూడా ఇదే రసాయన చర్య. టీలో ఉండేవి కరక్కాయ టానిన్లు కావు గానీ, ఇనుమును పట్టుకునే పద్ధతి ఒక్కటే. సంగటిలోని ఇనుము, పప్పులోని ఇనుము టీ టానిన్లతో ముడిపడి కరగని ముద్దగా మారతాయి. కరగనిదాన్ని పేగు పీల్చుకోలేదు. "రోజూ రాగులే తింటున్నాం కదా, అయినా హిమోగ్లోబిన్ పది దాటదేం?" అని అడిగే ఆడవాళ్లకు చెప్పాల్సిన జవాబులో పెద్ద భాగం ఇదే. రాగుల్లో ఇనుము లేక కాదు. వంద గ్రాముల పిండిలో నాలుగున్నర మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అందులో ఒంటికి పట్టేది ఎంత అన్నదే అసలు లెక్క.

ఈ చర్యను ఇంట్లోనే చూడొచ్చు. పాలు కలపని చిక్కటి టీ డికాషన్ గాజు గ్లాసులో పోసి, తుప్పు పట్టిన మేకు ఒకటి అందులో వేసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఎర్రటి డికాషన్ సిరాలా నల్లబడి ఉంటుంది. అందులో నిమ్మకాయ పిండి కలిపితే ఆ నలుపు చాలావరకు విరిగిపోతుంది. నిమ్మరసంలోని పులుపు, విటమిన్ సి రెండూ కలిసి టానిన్ల పట్టు నుంచి ఇనుమును విడిపించడం వల్లే అలా జరుగుతుంది. చూసిన తర్వాత ఆ గ్లాసులోది పారబోయాలి, తాగకూడదు.

పొట్టలో ఇది ఎక్కడ జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. జీర్ణాశయంలో ఆమ్లం ఎక్కువ కాబట్టి తిండిలోని ఇనుము అక్కడ కరుగుతుంది. అక్కడి నుంచి ముద్ద చిన్నపేగు మొదటి భాగంలోకి జారుతుంది. ఇనుమును ఎక్కువగా పీల్చుకునేది ఆ కాస్త మేరలోనే. చిక్కేమిటంటే, సరిగ్గా అక్కడే ఆమ్లం తగ్గిపోతుంది. గింజలు, పప్పులు, ఆకుకూరల నుంచి వచ్చే ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. ఆమ్లం తగ్గగానే ఈ ఫెర్రిక్ ఇనుము తుప్పులాగా అడుగున పేరుకోవాలని చూస్తుంది. పేగు గోడ మీది కణాలు తీసుకునేదేమో ఫెర్రస్ రూపాన్ని మాత్రమే. ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చే ఎంజైమ్ ఆ కణాల పైనే ఉంది, కానీ దాని దగ్గరికి చేరేదాకా ఇనుము కరిగిన స్థితిలో ఉండాలి కదా. మొక్కల నుంచి వచ్చే ఈ ఇనుమును నాన్ హీమ్ ఇనుము అంటారు. తిన్నదాంట్లో మామూలుగా ఐదు నుంచి పది శాతం మించి ఒంటికి పట్టదు.

మాంసంలోని ఇనుము దారి వేరు. రక్తంలోని హిమోగ్లోబిన్‌లోనూ, కండరాల్లోని మయోగ్లోబిన్‌లోనూ ఇనుము హీమ్ అనే వలయం మధ్యలో బిగుసుకుని ఉంటుంది. పేగు కణం ఆ వలయాన్ని మొత్తంగా లోపలికి తీసుకుంటుంది. లోపలికి వెళ్లాకే ఒక ఎంజైమ్ దాన్ని విరిచి ఇనుమును బయటికి తీస్తుంది. దారిలో ఇనుము ఎవరికీ చిక్కకుండా వలయంలోనే ఉంటుంది కాబట్టి టీ టానిన్లు దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు, విటమిన్ సి అవసరమూ దానికి పెద్దగా లేదు. అందుకే హీమ్ ఇనుములో పాతిక శాతం దాకా ఒంటికి పడుతుంది.

ఇది విన్నవాళ్లు వెంటనే "అయితే ఆదివారం మటన్ తింటే సరిపోతుందిగా" అంటారు. లెక్క వేసి చూద్దాం. వంద గ్రాముల మటన్‌లో ఇనుము సుమారు రెండు మిల్లీగ్రాములు. అందులో సగం హీమ్ అనుకుందాం, ఒక మిల్లీగ్రాము. దానిలో పాతిక శాతం అంటే 0.25 మిల్లీగ్రాము. మిగతా సగం నుంచి వచ్చే కొంచెం కలిపితే మొత్తం మీద 0.3 మిల్లీగ్రాము ఒంటికి చేరుతుంది. మాంసంతో పాటు తింటే పక్కనున్న సంగటిలోని ఇనుము కూడా కాస్త మెరుగ్గా పడుతుంది. అది మంచిదే, కానీ వారానికి ఒక్క పూట. కోడి మాంసంలో ఇనుము ఇంకా తక్కువ, కాబట్టి నాటుకోడి పులుసు మీద ఈ విషయంలో మరీ ఆశ పెట్టుకోకూడదు. వేటమాంసంతో పాటు అమ్మే కార్జం, రక్తం వేపుడు మాత్రం ఇనుము బాగా ఉన్న తిండి.

ఇప్పుడు రోజూ తినే కంచం సంగతి. వంద గ్రాముల రాగిపిండితో సంగటి, పక్కన ఆకుకూర పప్పు. అన్నీ కలిపి ఏడు మిల్లీగ్రాముల ఇనుము అనుకుందాం. ఐదు శాతం పడితే ఒంటికి చేరేది 0.35 మిల్లీగ్రాము. భోజనంతో పాటు టీ తాగితే శోషణ అరవై శాతానికి పైగా పడిపోయినట్టు 1983లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో తేలింది. కాఫీతో తగ్గింది నలభై శాతం లోపే. అరవై శాతమే తగ్గిందనుకున్నా మన కంచంలో మిగిలేది 0.14. అదే కంచంతో పాటు ఒక జామకాయ తింటే? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, అన్నం భోజనంతో పాటు వంద గ్రాముల జామపండు తిన్న కౌమార వయసు పిల్లల్లో ఇనుము శోషణ సుమారు రెండింతలైంది. ఆ లెక్కన మనకు 0.7 వస్తుంది.

టీతో 0.14, జామకాయతో 0.7. తిండి అదే, ఇనుమూ అంతే. ఈ తేడా పెద్దదా చిన్నదా అని తేల్చుకోవడానికి ఇంకొక్క అంకె కావాలి. మన దేశంలో పెద్దవయసు ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము తినాలని సిఫారసు. అందులో ఎనిమిది శాతం పడుతుందని లెక్కగట్టి ఆ అంకె పెట్టారు. అంటే ఒంటికి నిజంగా చేరాల్సింది 2.3 మిల్లీగ్రాములు. ఒక్క మధ్యాహ్న భోజనంలో టీకి, జామకాయకి మధ్య తేడానే అందులో నాలుగో వంతు. ఆదివారం మటన్ వారానికి ఒకసారి ఇచ్చేదానికంటే, రోజూ తినే జామకాయ ఒక్క పూటలో అదనంగా ఇచ్చేదే కాస్త ఎక్కువ. నాకు ఈ లెక్కలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే. మాంసం తినని ఇళ్లలో దారులు మూసుకుపోలేదని ఇది చెబుతోంది.

విటమిన్ సి ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మారుస్తుంది. పైగా ఇనుమును కరిగిన స్థితిలోనే పట్టి ఉంచి, పేగు గోడ దాకా టానిన్లకు చిక్కకుండా చేరుస్తుంది. ఈ రెండూ జరగాలంటే ఇనుము, విటమిన్ సి ఒకే ముద్దలో కలవాలి. పొద్దున తిన్న బత్తాయి మధ్యాహ్నం సంగటికి ఉపయోగపడదు. ఎంత కావాలన్నదీ ముఖ్యమే. రాగుల్లాంటి గింజల్లో ఫైటేట్లు కూడా ఉంటాయి, అవీ ఇనుమును కట్టేస్తాయి. అలాంటి భోజనంలో ఇనుముకు పన్నెండు పదమూడు రెట్ల బరువు విటమిన్ సి ఉంటే మంచి ఫలితం ఉంటుంది. ఏడు మిల్లీగ్రాముల ఇనుముకు తొంభై మిల్లీగ్రాముల దాకా అన్నమాట. అరచెక్క నిమ్మకాయలో పది మిల్లీగ్రాములు దొరకడం కూడా కష్టం. ఒక జామకాయలో రెండు వందల దాకా ఉంటుంది. అందుకే పప్పులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి ఊరుకుంటే చాలదు. తిరుపతిలో తోపుడు బండి మీద ఉప్పుకారం జల్లి అమ్మే జామకాయను సాయంత్రం చిరుతిండిగా కాకుండా భోజనంతోనే తినడం మేలు.

పులుసు తింటున్నాం కదా, పులుపు ఉంది కదా అనేవాళ్లూ ఉన్నారు. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లానిది, అందులో విటమిన్ సి చాలా తక్కువ. ఆ ఆమ్లం ఇనుముకు కొంత సాయపడుతుంది గానీ విటమిన్ సి అంతగా కాదు. టమాటాలో విటమిన్ సి ఉంది, అయితే మరిగించేకొద్దీ తగ్గిపోతుంది. ఉసిరికాయ సంగతి వేరు. అందులో విటమిన్ సి దండిగా ఉంది, టానిన్లూ ఉన్నాయి. ఇనుప కత్తితో కోస్తే ఉసిరి ముక్క నల్లబడేది ఆ టానిన్ల వల్లే. రాగుల పొట్టులోనూ టానిన్లు ఉంటాయి. పసిపిల్లలకు రాగులు నానబెట్టి, మొలకెత్తించి పిండి పట్టించే పద్ధతిలో టానిన్లు, ఫైటేట్లు రెండూ తగ్గుతాయి. పెద్దల సంగటికీ అదే పిండి వాడొచ్చు.

టీ మానేయమని నేను చెప్పను. వేళ మారిస్తే చాలు. పాలు కలిపితే టానిన్ల పట్టు పోతుందనుకోవద్దు. పాలు పోసిన టీతో చేసిన పరీక్షల్లో పెద్ద తేడా కనిపించలేదు. ఇందాక చెప్పిన 1983 ప్రయోగంలోనే, భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఇనుముకు అడ్డురాలేదు. భోజనమైన గంటకు తాగింది మాత్రం భోజనంతో తాగినంతగానూ అడ్డుపడింది. ముద్ద ఇంకా జీర్ణాశయంలోనే ఉండటం దానికి కారణం కావచ్చు. భోజనం తర్వాత గంట ఆగినా టీ ప్రభావం తగ్గిందని చెప్పే పరీక్ష కూడా ఒకటి ఉంది. రెండిటినీ కలిపి చూస్తే, తిన్న తర్వాత రెండు గంటలు ఆగడం నిశ్చింత. ఐరన్ మాత్రకూ ఇదే వర్తిస్తుంది. టీతో మాత్ర వేసుకుంటే దాంట్లో కొంత భాగం వృథా.

పైన వేసిన లెక్కలన్నీ ఒక్కో భోజనానివి. నెలల తరబడి చూస్తే తేడా ఇంత పెద్దగా కనిపించదు. ఒంట్లో ఇనుము తగ్గితే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తగ్గిస్తుంది, అప్పుడు పేగు తనంతట తనే ఎక్కువ పీల్చుకుంటుంది. నిల్వలు నిండితే ఉల్టా జరుగుతుంది. అందుకే ఈ మార్పులు నిల్వలు అడుగంటకుండా కాపాడటానికి పనికొస్తాయి గానీ, హిమోగ్లోబిన్ తొమ్మిదికి పడిపోయినవాళ్లను జామకాయలతో నిలబెట్టలేం. వాళ్లకు మాత్రలు కావాలి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే ఆ కారణాన్నీ చూపించుకోవాలి. నిల్వల సంగతి హిమోగ్లోబిన్ ఒక్కటే చెప్పదు. రక్తపరీక్షలో ఫెరిటిన్ కూడా చూడమని డాక్టర్‌ను అడగాలి. పెద్దవాళ్లలో అది లీటరుకు 15 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే, హిమోగ్లోబిన్ ఇంకా పన్నెండు దగ్గర ఉన్నా సరే, నిల్వలు అయిపోయినట్టే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది కాబట్టి, ఒళ్లు నెమ్మదించాకే ఆ పరీక్ష చేయించుకోవాలి.