మైనస్ మింగిన ఇరవై

7 − 2(x − 5) = 3x + 2. ఎనిమిదో తరగతి స్థాయి సమీకరణం ఇది. చాలామంది దీన్ని ఇలా విప్పుతారు:

7 − 2x − 10 = 3x + 2
−3 − 2x = 3x + 2
−5 = 5x
x = −1

జవాబు పూర్ణాంకంగా వచ్చింది కాబట్టి అనుమానం రాదు. భిన్నమో దశాంశమో వస్తే లెక్కను మళ్ళీ చూస్తాం, ఇంత శుభ్రంగా వస్తే వదిలేస్తాం.

తప్పు మొదటి వరుసలోనే ఉంది. బ్రాకెట్ ముందున్నది 2 కాదు, −2. అది x నీ −5 నీ రెండింటినీ గుణించాలి. −2 ను −5 తో గుణిస్తే +10. విద్యార్థి మైనస్ గుర్తును మొదటి పదానికి వాడేసి, రెండో పదం దగ్గర ఉత్త 2 తో గుణించాడు.

ఆ ప్లస్ ఎందుకో కొట్టులో చూస్తే తెలుస్తుంది. 20 రూపాయల వస్తువు మీద 5 రూపాయల తగ్గింపు ఉంది, మీరు వంద నోటు ఇచ్చారు. చేతికి రావాల్సింది 100 − (20 − 5), అంటే 85. కొట్టువాడు పొరపాటున 20 పట్టుకుని 80 ఇస్తే, ఎక్కువ పట్టుకున్న ఆ 5 తిరిగి ఇవ్వాలి. 100 − 20 + 5. మరో 5 కూడా కోసుకుని 75 చేతిలో పెడితే మీరు ఊరుకోరు. కాగితం మీద −10 రాసినప్పుడు జరిగింది సరిగ్గా అదే.

ఇప్పుడు జవాబును సరిచూద్దాం. x ఉన్న ప్రతి చోటా −1 ని బ్రాకెట్‌తో సహా రాయాలి. ఎడమవైపు 7 − 2((−1) − 5). ఇక్కడ బ్రాకెట్‌ను విప్పకూడదు, ముందు లోపలి విలువ కట్టాలి. అది −6. 7 − 2(−6) = 7 + 12 = 19. కుడివైపు 3(−1) + 2 = −1. రెండూ కలవలేదు. లోపలి విలువ ముందు కట్టమనడానికి కారణం ఉంది: సరిచూసేటప్పుడు కూడా బ్రాకెట్ విప్పితే, మొదట చేసిన తప్పే మళ్ళీ చేసి సరిపోయిందనుకునే ప్రమాదం ఉంటుంది.

విలువను ప్రతిక్షేపించాల్సింది ప్రశ్నలో ఇచ్చిన సమీకరణంలోనే. విప్పిన వరుసలో −1 పెట్టి చూడండి: ఎడమవైపు 7 + 2 − 10 = −1, కుడివైపు −1. చక్కగా కలిసిపోయింది! తప్పు వరుసకు అది సరైన సాధనే మరి.

తేడాను కూడా ఒకసారి గమనించండి. 19 కి −1 కి మధ్య దూరం 20. తప్పు గుర్తు పడిన పదం 10, దానికి రెట్టింపు 20. ఇది యాదృచ్ఛికం కాదు. +10 బదులు −10 రాస్తే ఎడమవైపు సరిగ్గా 20 తగ్గుతుంది, మిగతా లెక్కంతా సరిగా చేస్తే ఆ 20 సరిచూసే చోట బయటపడుతుంది. అందుకే తేడాను సగం చేసి, అంత విలువున్న పదం విప్పిన వరుసలో ఎక్కడుందో వెతకండి. దొరికితే గుర్తు తప్పింది అక్కడేనని గట్టిగా అనుమానించవచ్చు. తప్పు x ఉన్న పదంలో జరిగితే, మీకు వచ్చిన x విలువ వేసి ఆ పదాన్ని లెక్కగట్టాలి.

సరిగా విప్పితే 17 − 2x = 3x + 2, x = 3. ఎడమవైపు 7 − 2(−2) = 11, కుడివైపు 9 + 2 = 11.

బ్రాకెట్ కంటికి కనబడని చోట ఇదే తప్పు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. (x + 1)/2 − (x − 3)/4 = 3 ను పుస్తకంలో నిలువు భిన్నాలుగా అచ్చు వేస్తారు. భిన్నం గీతే అక్కడ బ్రాకెట్ పని చేస్తుంది. ఇరువైపులా 4 తో గుణించగానే గీత మాయమై, 2x + 2 − x − 3 = 12 అని రాసేస్తారు. x = 13 వస్తుంది. ప్రతిక్షేపిస్తే 14/2 − 10/4 = 7 − 2.5 = 4.5. రావాల్సింది 3, తేడా 1.5. మనం 4 తో గుణించాం కాబట్టి తేడానూ 4 తో గుణిస్తే 6. సగం 3. తప్పు ఆ చివరి 3 దగ్గరే. గీత పోగానే −(x − 3) అని బ్రాకెట్ పెట్టి ఉంటే −x + 3 వచ్చి, x = 7 తేలేది: 8/2 − 4/4 = 3.

సమీకరణం లేకుండా ఉత్త విస్తరణను సరిచూడాలన్నా ఇరువైపులా ఏదో ఒక సంఖ్య వేసి చూడవచ్చు. కాకపోతే ఇక్కడ ఒక్క సంఖ్యను నమ్మడం కష్టం. (x − 3)² ను x² − 9 అని రాసినవాళ్ళు x = 3 వేస్తే రెండు పక్కలా సున్నాయే వస్తుంది, తప్పు దాక్కుంటుంది. x = 0 వేస్తే x ఉన్న పదాలన్నీ మాయమవుతాయి కాబట్టి వాటి గుర్తు తప్పినా తెలియదు. x = 10 వేసి చూడండి: 49 ఒకపక్క, 91 ఇంకోపక్క.