నమస్కారం వేరు, పరిచయం వేరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫోన్‌లో ఎలా మాట్లాడాలో కొత్త ఉద్యోగులకు నేర్పడం నా పని. ఈ అపోహలు ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురవుతాయి.

అపోహ: "నమస్కారమండీ, బాగున్నారా?" అంటే పరిచయం అయిపోయినట్టే.

వాస్తవం: నమస్కారానికి జవాబు నమస్కారమే. దానితో మర్యాద కుదురుతుంది గానీ, మాట్లాడేది ఎవరో తెలియదు. కొత్త గొంతు "బాగున్నారా?" అని అడిగితే, అవతలి మనిషి జవాబు చెప్పడం మానేసి ఈ గొంతు ఎవరిదా అని వెతుక్కుంటారు. ఆ తర్వాత వచ్చే "ఎవరండీ?"లో విసుగు వినిపిస్తే, మన పరిచయం ఆలస్యమైందని అర్థం.

అపోహ: పేరు, హోదా, పని ఒక్కొక్కటిగా చెప్తేనే పద్ధతిగా ఉంటుంది.

వాస్తవం: ఎదురుచూడని ఫోన్‌లో ఈ మూడూ ఒకే వాక్యంలో రావాలి. ఒక టీచరు క్లాసులో నాతో ప్రాక్టీస్ చేస్తూ, "నమస్కారమండీ, స్కూల్ నుంచి మాట్లాడుతున్నాను" అని ఆగారు. తల్లి పాత్రలో ఉన్న నేను వెంటనే "బాబుకేమైంది?" అన్నాను. ఆ రెండు క్షణాల ఖాళీలోనే టెన్షన్ పుట్టేసింది. రెండోసారి ఇలా మార్చాం: "నమస్కారమండీ, నేను సునీతని, మీ బాబు క్లాస్ టీచర్‌ని, రేపటి మీటింగ్ టైము మారిందని చెప్పడానికి చేశాను." ఈసారి నేను అడిగింది ఒక్కటే: "ఎన్నింటికండీ?"

తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి, అసలు పని కూడా వాక్యం చివరే తెలుస్తుంది. అందుకే ముందు భాగం పొట్టిగా ఉండాలి. పేరు దగ్గర చిన్న విరామం ఇవ్వండి, లేకపోతే పేరు చెవిన పడదు. ఊపిరి తీసుకోకుండా చెప్పలేకపోతున్నారంటే వాక్యం పొడవైపోయినట్టే. అప్పుడు వివరాలు తీసేయండి, మూడు ముక్కలు మాత్రం ఉంచండి.

అపోహ: హోదా అంటే కార్డు మీద ఉన్నది మొత్తం.

వాస్తవం: విన్నవాళ్లకు మీరేమవుతారన్నదే హోదా. "మీ బాబు క్లాస్ టీచర్‌ని" చాలు. డిగ్రీలు, విభాగం పేరు వాళ్లకు అక్కర్లేదు.

అపోహ: ఈ వాక్యం ఎక్కడైనా పనికొస్తుంది.

వాస్తవం: రోజూ చూసే మనిషికి నమస్కారం చాలు. మీటింగ్‌లో వరసగా పరిచయం చేసుకునేటప్పుడు వచ్చిన పని అందరికీ తెలుసు, పేరూ హోదా చెప్తే సరిపోతుంది. ఇక వ్యక్తిగత విషయమైతే, అంటే వైద్య పరీక్ష ఫలితం, బాకీ లాంటివైతే, పని ముందే బయటపెట్టకండి. ఫోన్ ఎత్తింది ఇంట్లో ఇంకెవరైనా కావచ్చు. మీ పేరు చెప్పి, "నేను మాట్లాడుతున్నది ఫలానా వారితోనేనా అండీ?" అని అడగండి. అవునన్నాకే మిగతాది.