పత్తి మందు, సారిన్: తేడా పట్టించే ఒక్క బంధం

పరకాల నుంచి ఒక పాఠకుడు అడిగారు: "పత్తికి కొట్టే మోనోక్రోటోఫాస్, యుద్ధంలో వాడే సారిన్ ఒకే జాతివట కదా. మరి ఏది వాడిండ్రో తనిఖీకి వచ్చినోళ్లకు ఎట్ల తెలుస్తది?"

జాతి ఒకటే. రెండింటిలోనూ ఫాస్ఫరస్ ఉంది, రెండూ నరాల దగ్గర ఒకే ఎంజైమును కట్టేస్తాయి. అందుకే పురుగుమందు తాగినవాళ్లకు మన దవాఖానల్లో ఎక్కించే అట్రోపినే సారిన్ బాధితులకూ ఎక్కిస్తారు.

ముందు నిషేధం సంగతి. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు 5,730 సిలిండర్ల క్లోరిన్ వదిలారు. గాలికన్నా రెండున్నర రెట్లు బరువైన ఆ వాయువు నేల పట్టుకుని కందకాల్లోకి దిగింది. సెప్టెంబరులో లూస్ దగ్గర బ్రిటిష్ సైన్యం వదిలితే కొన్నిచోట్ల గాలి తిరిగి సొంత సిపాయిల మీదికే వచ్చింది. మాస్కులు వచ్చాక యుద్ధాన్ని గెలిపించే సత్తా దానికి లేదని తేలింది. సేనాపతులు దాన్ని వదులుకోవడానికి జాలి ఒక్కటే కారణం కాదని నా లెక్క. 1925 నాటి జెనీవా ఒప్పందం విషవాయువులను "వాడొద్దు" అంది, "తయారుచేసి దాచుకోవద్దు" అనలేదు. ఆ సందు 1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒప్పందంతో గానీ మూసుకోలేదు. దాని తనిఖీ సంస్థ ఓపీసీడబ్ల్యూ, అంటే రసాయన ఆయుధాల నిషేధ సంస్థ, నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఉంది.

ఇక అసలు ప్రశ్న. మోనోక్రోటోఫాస్‌లో ఫాస్ఫరస్ చుట్టూ ఉన్నవన్నీ ఆక్సిజన్లే. సారిన్‌లో మాత్రం ఒక మిథైల్ కార్బన్ నేరుగా ఫాస్ఫరస్‌కు అతుక్కుని ఉంటుంది. తేమ తగిలితే సారిన్‌లోని ఫ్లోరిన్ ఊడిపోతుంది, విషం చస్తుంది. కానీ ఆ కార్బన్-ఫాస్ఫరస్ బంధాన్ని నీళ్లు తెంచలేవు. మట్టిలో ముందు ఐసోప్రొపైల్ మిథైల్‌ఫాస్ఫోనిక్ ఆమ్లం, చాలాకాలానికి మిథైల్‌ఫాస్ఫోనిక్ ఆమ్లం మిగులుతాయి. ఇంటర్‌లో బంధాలను మార్కుల కోసం బట్టీ పట్టిస్తాం గానీ, ఒక దేశాన్ని నిలదీయడానికి పనికొస్తాయని చెప్పం.

ఇక్కడే తొందరపడితే పప్పులో కాలేసినట్టే. మన చేలల్లో కలుపుకు కొట్టే గ్లైఫోసేట్‌లోనూ కార్బన్-ఫాస్ఫరస్ బంధం ఉంది. అందుకని బంధం దొరికితే చాలదు, సారిన్‌లోని ఐసోప్రొపైల్ ముక్క కూడా దొరకాలి. నమూనాను పంచి, సీలువేసి, కనీసం రెండు వేర్వేరు ప్రయోగశాలలకు పంపుతారు. వాటితోపాటు విషం లేని మట్టినీ, కావాలని విషం ఆనవాళ్లు కలిపిన మట్టినీ పంపుతారు. ఏది ఏదో అక్కడివాళ్లకు చెప్పరు. విషం లేనిదాంట్లో కూడా ఉందని వస్తే ఆ ఫలితాన్ని నమ్మరు.

2013 ఆగస్టు 21న సిరియాలోని ఘౌతాలో దాడి జరిగింది. ఐక్యరాజ్యసమితి బృందం అక్కడికి చేరింది ఐదు రోజుల తరువాత. అయినా మట్టిలో, బాధితుల రక్తంలో సారిన్ ఆనవాళ్లు దొరికాయి. ఎవరు వాడారో చెప్పే అధికారం మాత్రం ఆ బృందానికి ఇవ్వలేదు. వాడారా లేదా అన్నదొక్కటే వాళ్లకు అప్పగించిన పని.