రూపాయల్లో బిల్లు అడిగే ఉత్తరం: అపోహలు - వాస్తవాలు

దిగుమతి చేసుకునే చిన్న వ్యాపారులకు బ్యాంకు, కస్టమ్స్ కాగితాలు చూసిపెట్టడం నా పని. డాలర్ రేటు పెరిగినప్పుడల్లా నా దగ్గరికి వచ్చే మొదటి కోరిక ఒకటే: "మా సప్లయర్ ఇకనుంచి రూపాయల్లోనే బిల్లు వేసేలా ఒక లెటర్ రాసిపెట్టండి సార్." అడగదగ్గ మాటే. కానీ ఆ ఉత్తరం ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియకుండా పంపితే టెన్షన్ తగ్గదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

అంకెలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ వ్యాపారి రంజాన్ సీజన్ కోసం దుబాయ్ నుంచి ఒక కంటైనర్ ఖర్జూరం తెప్పిస్తున్నారు. ధర 1,20,000 దిర్హమ్‌లు. 2024 నవంబర్ చివర్లో ఆర్డర్ ఇచ్చారు, డబ్బు ఫిబ్రవరిలో కట్టాలి.

అపోహ: దిర్హమ్‌లో బిల్లు కాబట్టి డాలర్‌తో మనకు పని లేదు.

దిర్హమ్ విలువను 1997 నుంచి డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేసి ఉంచారు. డాలర్ ఎంత శాతం పెరిగితే దిర్హమ్ కూడా మనకు అంతే పెరుగుతుంది. ఆర్డర్ ఇచ్చిన రోజుల్లో డాలర్ సుమారు 84.50 రూపాయలు, అంటే దిర్హమ్ 23 రూపాయలు. ఆ లెక్కన సరుకు విలువ 27.60 లక్షలు. ఫిబ్రవరిలో డాలర్ 87 దాటింది. 87 దగ్గరే కట్టారనుకున్నా దిర్హమ్ 23.69 పడుతుంది, కట్టాల్సింది సుమారు 28.43 లక్షలు అవుతుంది. తేడా దాదాపు 83 వేలు. ఈ సరుకు మీద 5 శాతం మార్జిన్ వేసుకుంటే మిగలాల్సింది 1.38 లక్షలు. అందులో సగం కంటే ఎక్కువ రేటే తినేసింది.

అపోహ: రూపాయల్లో బిల్లు వేయాలంటే రిజర్వ్ బ్యాంకు నుంచి మనం అనుమతి తెచ్చుకోవాలి.

అక్కర్లేదు. రూపాయల్లో బిల్లు వేసుకుని, రూపాయల్లోనే చెల్లించే పద్ధతికి 2022 జులై 11న రిజర్వ్ బ్యాంకు దారి చూపింది. విదేశీ బ్యాంకు మన దేశంలోని బ్యాంకులో ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతా తెరుస్తుంది, మనం కట్టే రూపాయలు ఆ ఖాతాలో పడతాయి. దుబాయ్ విషయంలో మరో వెసులుబాటు కూడా ఉంది. స్థానిక కరెన్సీల్లో వ్యాపారం జరుపుకోవడానికి రెండు దేశాల కేంద్ర బ్యాంకులు 2023 జులైలో ఒప్పందం చేసుకున్నాయి. మీరు చేయాల్సిందల్లా మీ బ్యాంకు ఫారెక్స్ విభాగాన్ని ముందుగా కలిసి, ఆ సప్లయర్ బ్యాంకుకు రూపాయల్లో పంపే దారి ఉందో లేదో కనుక్కోవడం.

అపోహ: బిల్లు మీద రూపాయి గుర్తు ఉంటే చాలు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బిల్లు ఏ కరెన్సీలో ఉందన్నది ఒక సంగతి, డబ్బు ఏ కరెన్సీలో వెళుతుందన్నది ఇంకో సంగతి. బిల్లు 27.60 లక్షల రూపాయలని ఉండి, కింద చిన్న అక్షరాల్లో "నవంబర్ నాటి రేటు ప్రకారం ఇంతకు సమానమైన దిర్హమ్‌లు చెల్లించాలి" అని ఉందనుకోండి. ఆ బిల్లు నిజానికి దిర్హమ్ బిల్లే, రేటు భారం మళ్లీ మీదే. దీనికి ఉల్టాగా, "27,60,000 రూపాయలు చెల్లిస్తే బాకీ పూర్తిగా తీరినట్టే, మారకం ఎంత వచ్చినా తేడా అడగం" అని ఉంటే, డబ్బు దారిలో దిర్హమ్‌గా మారి చేరినా భారం సప్లయర్‌దే. అందుకే నేను ముందుగా చూసేది చెల్లింపు షరతుల పేరానే.

ఇంకొకటి. ఈ మార్పు సరుకు పంపకముందే ఇచ్చే ప్రొఫార్మా ఇన్వాయిస్ దశలోనే జరగాలి. సరుకు ఓడెక్కి, దిర్హమ్ బిల్లు మీద కస్టమ్స్‌లో దాఖలు చేసే బిల్ ఆఫ్ ఎంట్రీ పడ్డాక రూపాయల బిల్లు తెస్తే, కస్టమ్స్ నుంచి బ్యాంకుకు వెళ్లిన వివరాలకూ మీ చెల్లింపుకూ పొంతన కుదరదు. ఆ ఎంట్రీ బ్యాంకు సిస్టమ్‌లో తేలకుండా వేలాడుతుంది, దాని వెనక మీరు నెలల తరబడి తిరగాలి.

అపోహ: రూపాయల్లో బిల్లు వస్తే రిస్క్ పోయినట్టే.

రిస్క్ ఎక్కడికీ పోదు, మీ భుజం మీంచి సప్లయర్ భుజం మీదికి మారుతుంది. ఆయన జీతాలు, గోడౌన్ అద్దె, సరుకు కొనుగోలు అన్నీ దిర్హమ్‌లోనే. కాబట్టి ధర పెంచి అడుగుతాడు. అది న్యాయమే. ఎంత పెంచితే న్యాయం అన్నదే ప్రశ్న.

దానికి కొలబద్ద మీ బ్యాంకులోనే ఉంది. 90 రోజుల తర్వాత కొనే డాలర్లకు ఇవాళే రేటు ఖాయం చేసుకోవడాన్ని ఫార్వర్డ్ బుక్ చేయడం అంటాం. మన దేశంలో వడ్డీ రేట్లు అమెరికా కంటే ఎక్కువ కాబట్టి ఫార్వర్డ్ రేటు ఇవాళ్టి రేటు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. ఏడాదికి 2 శాతం అనుకుంటే మూడు నెలలకు అర శాతం, మన ఉదాహరణలో 13,800 రూపాయలు. చిన్న పార్టీల దగ్గర బ్యాంకు తీసుకునే మార్జిన్ కలిపితే పాతిక వేల దాకా పోవచ్చు. సప్లయర్ 1 శాతం, అంటే 27,600 పెంచితే ఒప్పుకోండి. 3 శాతం అడిగితే అది 82,800. రూపాయి పడిపోతే వచ్చే నష్టమంత సొమ్ము ముందే కట్టినట్టు. అప్పుడు దిర్హమ్ బిల్లే ఉంచుకుని ఫార్వర్డ్ బుక్ చేసుకోవడం మేలు.

రూపాయి బిల్లు కప్పని ఖర్చూ ఒకటుంది. ఓడ కిరాయి మీరే కట్టుకునే పద్ధతిలో ఉంటే, ఆ కిరాయి డాలర్లలోనే ఉంటుంది. సరుకు ధర వరకు మాత్రం కస్టమ్స్ విలువ కట్టేటప్పుడు మారకం రేటు లెక్క రాదు, డ్యూటీ ఎంత పడుతుందో ముందే తెలుస్తుంది.

అపోహ: చిన్న వ్యాపారి అడిగితే సప్లయర్ పట్టించుకోడు.

"మాకు నష్టం వస్తోంది, దయచేసి సాయం చేయండి" అని రాస్తే పట్టించుకోడు. ఆయనకు ఏం దొరుకుతుందో రాస్తే చదువుతాడు. నేను రాసిపెట్టే ఉత్తరం సారాంశం ఇలా ఉంటుంది (పంపేది ఇంగ్లిష్‌లోనే):

"రాబోయే ఆర్డర్ నుంచి ప్రొఫార్మా ఇన్వాయిస్ భారత రూపాయల్లో ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. ధర లెక్కకు ఆర్డర్ రోజు రేటు తీసుకుని, దాని మీద 1 శాతం కలుపుకోవడానికి మాకు సమ్మతమే. ఈ ధర ఆర్డర్ తేదీ నుంచి 90 రోజులు మారకూడదు. బదులుగా 20 శాతం అడ్వాన్సు ఇస్తాం, ఈ సీజన్‌లో రెండో కంటైనర్ కూడా మీ దగ్గరే తీసుకుంటాం. మీ బ్యాంకు రూపాయలు స్వీకరిస్తుందా, ఏ భారతీయ బ్యాంకు ద్వారా పంపాలి అన్నది దయచేసి కనుక్కుని చెప్పండి. పూర్తి రూపాయి మొత్తం ఆ ఖాతాకు చేరితే ఇన్వాయిస్ తీరినట్టుగా ఒప్పందంలో రాసుకుందాం."

ఇందులో 90 రోజుల గడువు తీసేయకండి. గడువు లేకపోతే సప్లయర్ భయపడి ఎక్కువ కలుపుతాడు, లేదా రేటు కదిలిన రోజే కొత్త ధర పంపిస్తాడు. రూపాయి బలపడితే ఆ లాభం మీకు రాదన్న సంగతి కూడా సంతకానికి ముందే ఒప్పుకుని ఉండాలి. తర్వాత తగ్గించమని అడిగితే ఒప్పందం నిలవదు.

కుదరదని జవాబొస్తే బేరం పూర్తిగా వదిలేయక్కర్లేదు, భారం పంచుకుందామని అడగండి. దిర్హమ్ 23 నుంచి 1 శాతం దాకా కదిలితే మీరు భరిస్తారు, అది దాటింది చెరిసగం. 23.69కి వెళ్లిన మన లెక్కలో మీ వంతు 55,200, సప్లయర్ వంతు 27,600. ఆయన వంతును ఈ బిల్లులో తగ్గించమంటే కస్టమ్స్ విలువతో పేచీ వస్తుంది కాబట్టి, దాన్ని తర్వాతి ఆర్డర్ ధరలో ఎలా సర్దాలో ముందే మీ క్లియరింగ్ ఏజెంటుతో, బ్యాంకుతో మాట్లాడి రాయించుకోండి.