టీకాలకు ఒక లెక్క, నవ్వుకు ఇంకో లెక్క: వయసు గుంపుల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖలో నర్సింగ్ విద్యార్థినులకు పిల్లల ఆరోగ్యం పాఠం చెబుతాను. పరీక్షల ముందు అందరికీ ఒకటే టెన్షన్: టీకాల పట్టిక, పిల్లల ఎదుగుదల పట్టిక. రెండూ పక్కపక్కన పెట్టుకుని బట్టీ పడతారు, వారం తిరక్కుండానే కలిపేస్తారు. బుధవారం, శనివారం టీకాల రోజున వాళ్లతో ఆరిలోవ వైపు వెళ్లినప్పుడు నాకు పదే పదే ఎదురైన అపోహలు ఇవి.

అపోహ: పట్టిక మొత్తం వరుసగా నోటికి రావాలి.

వాస్తవం: వరుస కాదు, బిడ్డ మన దగ్గరికి వచ్చే రోజులు గుర్తుంటే చాలు. రెండేళ్ల దాకా ప్రభుత్వ పట్టికలో పుట్టగానే ఒకసారి, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు, మళ్లీ 9 నెలలు నిండాక, 16 నుంచి 24 నెలల మధ్య. పుట్టినప్పుడు మూడు: బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. తర్వాతి మూడు విడతలకు నేను చెప్పే కొండగుర్తు "అయిదు, మూడు, అయిదు". పోలియో చుక్కలు, విరేచనాల జబ్బుకు రోటా చుక్కలు, కోరింత దగ్గుతో సహా అయిదు జబ్బులకు ఒకే సూది అయిన పెంటా ఇంజెక్షన్ ఈ మూడూ మూడుసార్లూ వస్తాయి. పోలియో ఇంజెక్షన్, న్యుమోనియా టీకా అయిన పీసీవీ మాత్రం మొదటిసారి, చివరిసారి వచ్చి, మధ్యలో సెలవు పెడతాయి. ఇంతే.

ఎదుగుదలకు కొండగుర్తు నేను కనిపెట్టక్కర్లేదు, మన అమ్మమ్మలే పెట్టారు. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. వరుస దాదాపు సరిగ్గానే ఉంది, వయసు ఒక్కటే లేదు. అందుకే 6 వారాల టీకా దగ్గర నువ్వుండలు రాసుకోమంటాను, ఎందుకంటే మొహం చూసి నవ్వడం ఆ వయసులోనే మొదలవుతుంది, రెండు నెలలకల్లా వచ్చేస్తుంది. 14 వారాల దగ్గర మెడ నిలపడం. అక్కడి నుంచి 9 నెలల దాకా పట్టికలో ఇంజెక్షన్ లేదు, కానీ బోర్లాపడటం, కూర్చోవడం సరిగ్గా ఆ ఖాళీలోనే జరుగుతాయి. అంటే బొబ్బట్లు ఎప్పుడు వండారో మనకు తెలియదు, అడిగి తెలుసుకోవాలి. 9 నెలల టీకాకు వచ్చినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న అదే.

అపోహ: తొమ్మిదో నెల పడింది, తట్టు టీకా వేసేయొచ్చు.

వాస్తవం: ఇది మన భాష తెచ్చిన తిప్పలు. "ఎన్నో నెల?" అని విద్యార్థిని అడుగుతుంది, "తొమ్మిదో నెల పడింది" అని తల్లి చెబుతుంది. అంటే ఎనిమిదే నిండాయి. తట్టు-రుబెల్లా మొదటి డోసు 9 నెలలు నిండాకే. తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డ ఒంట్లో ఇంకా మిగిలి ఉంటే టీకా సరిగా పట్టదు. తొందరపడి ముందే వేసినా ఆ డోసు లెక్కలోకి రాదు, నిండాక మళ్లీ వేయాలి. కాబట్టి నెల అడగకండి, పుట్టిన తేదీ అడగండి. వారాల లెక్క ఇంకా సులువు: మంగళవారం పుట్టిన బిడ్డకు 6 వారాలూ, 10 వారాలూ, 14 వారాలూ మంగళవారమే నిండుతాయి. మర్నాడే బుధవారం.

అపోహ: టీకా, ఎదుగుదల రెండూ ఒకే వయసు గుంపులో ఉన్నాయి కాబట్టి రెండింటికీ ఒకే వయసు.

వాస్తవం: నెలలు నిండి పుట్టిన బిడ్డకు నిజమే. ముందుగా పుట్టిన బిడ్డ దగ్గర ఈ గుంపు రెండుగా చీలుతుంది. నా విద్యార్థినులు ఎక్కువగా తప్పేది ఇక్కడే, అందుకే ఒక బిడ్డ సంగతి పూర్తిగా చెబుతాను.

జూన్ 3, మంగళవారం పుట్టాడు. కాన్పు జూలై 29న అవ్వాల్సింది, అంటే 8 వారాలు ముందు. 6 వారాల టీకాలు జూలై 16 బుధవారం వేశారు. అప్పటికి కాన్పు అవ్వాల్సిన తేదీ కూడా రాలేదు. "ఇంత చిన్నోడికా? సగం డోసైనా వేయరా?" అని తల్లి భయపడింది. సగం డోసులు ఉండవు, బిడ్డ స్థిమితంగా ఉంటే వాయిదా కూడా ఉండదు. కోరింత దగ్గు లాంటి వాటి నుంచి కాపాడే రక్షణ తల్లి నుంచి బిడ్డకు ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే అందుతుంది. ఈ బిడ్డకు ఆ నెలల్లో చాలా భాగం దక్కలేదు. కాబట్టి టీకా వీడికే ఎక్కువ అవసరం. కాన్పు అవ్వాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టి ఉంటే మొదటి డోసు సెప్టెంబర్‌కు జారేది.

ఆగస్టు 13న రెండో విడత, సెప్టెంబర్ 10న మూడోది. ఆ రోజు నాయనమ్మ ఎత్తుకుని వచ్చింది. "మూడు సూదులూ అయిపోనాయి, మూడో నెల దాటేసింది. ఈడు మెడ నిలపట్లేదు, నన్ను సూసి నవ్వడం నేదు. ఆ సూదుల వల్లేనేటమ్మా?"

కార్డు తీసి కాన్పు అవ్వాల్సిన తేదీ చూడమన్నాను విద్యార్థినిని. జూలై 29 నుంచి సెప్టెంబర్ 10కి 43 రోజులు. ఎదుగుదల లెక్కలో వీడికి ఆరు వారాలే నిండాయి. దీన్నే సవరించిన వయసు అంటాం, రెండేళ్లు వచ్చేదాకా ఎదుగుదలను దీనితోనే చూస్తాం. అంటే అడగాల్సింది మెడ గురించి కాదు, నవ్వు గురించి. అదీ ఇప్పుడిప్పుడే మొదలయ్యే వయసు. పాలు తాగి మెలకువగా ఉన్నప్పుడు జానెడున్నర దూరంలో మొహం పెట్టి చూశాం: కళ్లు నిలిపాడు, మొహం పక్కకు జరిపితే చూపూ జరిగింది. చప్పట్లకు ఉలిక్కిపడ్డాడు. నాలుగు వారాల తర్వాత రమ్మన్నాం. వచ్చేసరికి బోసినోటితో నవ్వుతున్నాడు, నాయనమ్మ చేతిలో నువ్వుండల డబ్బా.

సవరించిన వయసు అన్నిటికీ మాఫీ పత్రం కాదు. ఏడాది లోపే ఒక చేతినే వాడుతూ రెండో చేతిని ముడుచుకుని ఉంచినా, వచ్చిన విద్య పోయినా, చప్పుడుకు స్పందన లేకపోయినా ఏ లెక్కా వేయకుండా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

అపోహ: మధ్యలో ఒక విడత తప్పితే మొదటి నుంచి మొదలెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. పెంటా మొదటి డోసు వేసుకుని ఊరెళ్లి అయిదో నెలలో వచ్చిన బిడ్డకు ఆ రోజు రెండోది, కనీసం 28 రోజుల తర్వాత మూడోది. డోసుల మధ్య దూరం తగ్గకూడదు గానీ పెరిగితే పాతది వృథా కాదు. రక్షణ ఆలస్యమవుతుంది, అంతే.

అపోహ: పాకకుండా నడిస్తే లోపమే.

వాస్తవం: కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో నూటికి నలుగురు పిల్లలు చేతులు మోకాళ్ల మీద పాకనే లేదు.

మన బిడ్డ మార్చి 4న తట్టు టీకాకు వచ్చాడు. టీకా లెక్కలో తొమ్మిది నిండాయి, ఎదుగుదల లెక్కలో ఏడు. రెండు చేతులూ నేలకు ఆనించి కూర్చుంటున్నాడు, ఏడు నెలలకు అది సరిపోతుంది. బొబ్బట్లు అయ్యాయా అంటే జనవరిలోనే అయ్యాయంది నాయనమ్మ. మరి అరిసెలెప్పుడని అడిగింది. అదే అధ్యయనం ప్రకారం ఆసరా లేకుండా నడవడానికి ఆఖరి గడువు పదిహేడున్నర నెలలు. జూలై 29 నుంచి లెక్కపెడితే వచ్చే జనవరి మధ్యకి వస్తుందని చెప్పాను.

"సంక్రాంతికి ఎలాగూ వండుతాం కదమ్మా" అంది.